తెగిన మాట, చదవలేని మాట

మదనపల్లె బస్టాండు దగ్గర జిరాక్సు అంగడి మీద ఉన్న చిన్న గది మా ఆఫీసు. గల్ఫుకు పోయేవాళ్ల కాగితాలు అరబ్బీలోకి రాసిస్తాం. రాసేది నేను. సరిచూసి సంతకం పెట్టేది పెద్దాయన, అరబ్బీ పంతులుగా చేసి రిటైరైన మనిషి. నేను మాత్రం ఆ భాష ఏ బడిలోనూ చదవలేదు. కువైట్‌లో ఒక ఇంట్లో పదకొండేళ్లు పాపను చూసుకున్నాను. పక్కన కూర్చుని దానిచేత హోంవర్కు చేయిస్తా చేయిస్తా నేనూ నేర్చుకున్నాను. ఆ పదకొండేళ్లూ నా సొంత బిడ్డ పుంగనూరులో మా అక్క దగ్గర పెరిగింది.

జనం కాగితాలను ఫోనులో ఫోటో తీసి పంపిస్తారు. అంచులు సరిగా పడవు. అంచు దగ్గర మాట తెగిపోయి ఉంటే చదరపు బ్రాకెట్లో 'కలిమ మక్తూఅ' అని పెట్టాల, అంటే తెగిన మాట. మాట మొత్తం ఉండీ మరక పడో మసకబారో తెలియకపోతే 'గైర్ మక్రూఅ', చదవలేనిది.

"రెండూ ఒకటి కాదమ్మా" అని నేను చేరినరోజే పెద్దాయన చెప్పినాడు. "తెగిందంటే ఇంకో ఫోటో అడగొచ్చు. మరక పడిందంటే ఎన్ని ఫోటోలు తీసినా అంతే. ఏదైనా సరే, ఊహించి మాత్రం నింపొద్దు."

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం కువైట్ పాప నుంచి ఫోటో వచ్చింది. పాప అంటే ఇప్పుడు కాలేజీ పిల్ల. వంటగది మారుస్తా ఉంటే అలమారా తలుపు లోపలివైపు నేను అతికించిన కాగితం కనబడిందంట. సరుకుల పేర్లు రాసుకునేదాన్ని అందులో. ఆ ఇంట్లో తెలుగు వచ్చినవాళ్లు ఎవరూ లేరు కదాని, మధ్యమధ్యలో మనసులోవి కూడా రాసుకున్నాను. పాప మూడు వరుసల చుట్టూ ఎర్రగీత గీసి అరబ్బీలో అడిగింది: "ఇక్కడ చిన్నపిల్ల బొమ్మ వేసినావు. నా గురించేనా? ఈ ముక్క ఒక్కటి చెప్పు."

నా రాతే. 'ఈపొద్దు పాప నన్ను యుమ్మా అని పిలిచింది.' యుమ్మా అంటే అమ్మ. రెండో వరుసలో 'నాకు' అని ఉంది, తరువాతి మాట ఫోటో కుడి అంచున తెగిపోయింది. ఒక తలకట్టు మొన మాత్రం కనిపిస్తా ఉంది. మూడోది: 'పుంగనూరులో నా బిడ్డ', ఆపైన నూనె మరక, చివర 'ఉంటుందో'.

చేతులు ఆగలేదు. రెండో వరుసకు 'సంతోషమైంది' అని అరబ్బీలో కొట్టేశాను.

పెద్దాయన వెనకనుంచి చూసి, "ఆ మాట యాడుందమ్మా ఫోటోలో?" అన్నాడు.

"నేను రాసిందే కదా సార్. నాకు తెలీదా?"

"నిజంగా గుర్తుండాదా?"

స్నానం చేయించినాక పాప తల వాసన గుర్తుంది. నా మెడ చుట్టూ ఆ చేతులు గుర్తున్నాయి. ఆ మాట గుర్తులేదు. సంతోషం తుడిచేసి 'తెగిన మాట' అని పెట్టాను. అరబ్బీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి ఆ బ్రాకెట్టు వరుసకు ఎడమ చివరన పడింది. పాప అసలు ఫోటోలోనూ ఎడమ పక్కే వెతుకుతుందేమోనని కింద ఒక వాక్యం చేర్చాను: 'తెగింది ఫోటో కుడి అంచున. ఎర్రగీత లోపలిదే తర్జుమా చేశాను.' మూడో వరుసలో మరక ఉన్నచోట 'చదవలేని మాట' అని రాసి పంపించాను.

కాసేపటికి పాప నుంచి మెసేజీ వచ్చింది. "నేనే క్రాప్ చేసినా, పక్కన మురికిగా ఉందని." వెంటనే కాగితం మొత్తం కనబడే ఫోటో పంపింది.

తెగిన మాట 'భయమేసింది'.

చదవగానే ఆ పొద్దు కళ్లముందుకు వచ్చింది. పాప యుమ్మా అన్నప్పుడు వాళ్లమ్మ, మా మేడమ్, తలుపు దగ్గరే నిలబడి ఉంది. నేను పాపను దించేసి సామాన్ల గదిలోకి పోయాను. బ్రాకెట్టు తీసేసి 'భయపడ్డాను' అని మార్చి, కింది వాక్యం కూడా సరిచేసి మళ్లీ పంపాను.

"ఎందుకు భయం?" అని పాప గొంతు రికార్డు చేసి పంపింది.

"మీ అమ్మ వింటుందని. నేను 'ఏమ్మా' అని పలికేస్తానని."

తరువాత ఒక్క ముక్క వచ్చింది: "పలికింటే బాగుండేది."

ఆ ఆదివారం కుప్పం పోయాను. నా కూతురు అక్కడ ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ మధ్యలో బయటికొచ్చి, నా ఫోనులో ఆ కాగితం ఫోటోను పెద్దది చేసి చూసింది.

"ఈ మరక కింద ఏముండాదిమా?"

"తెలీదు. చదవలేమనే రాసినా."

"పెద్దమ్మను నేను అమ్మా అనేదాన్ని. అదే రాసింటావేమో."

"అయ్యుండొచ్చు. నాకు గుర్తులేదు తల్లీ."

అది నా మొహంలోకి చూసింది. ఫోను నా చేతిలో పెట్టి, "ఆడ నువ్వు ఎట్లుండేదానివో నాకేమీ తెలీదు. మొదట్నుంచీ చెప్పు" అనింది. ఆస్పత్రి మెట్ల మీద దాని పక్కన కూర్చుని, విమానం ఎక్కిన రోజు నుంచి మొదలుపెట్టాను.