నత్తగారి బోనసు

డ్రైవర్లంతా ఆయన్ని 'నత్త' అనేవాళ్ళు. డాక్టరుగారి దగ్గర ఇరవై ఏళ్ళు నెమ్మదిగా కారు నడిపి, బండి మీద ఒక్క గీత కూడా పడనివ్వని మనిషిని ఇంకేమంటారు మరి! డాక్టరుగారు కొత్త కారు కొనుక్కుని, పాతది నత్తకే తక్కువ ధరకి ఇచ్చేశారు. కొత్తదాన్ని వాళ్ళబ్బాయి నడుపుతాడట. నత్త ఉద్యోగం అక్కడితో సరి. "పోన్లెండి, ఇన్నాళ్ళకి నేనూ ముందు సీట్లో కూర్చుంటా," అని భార్య మురిసిపోయింది.

కారు చేతికొచ్చిన వారంలోనే అమ్మకం కాగితాలు జతచేసి ఇన్సూరెన్సు ఆఫీసుకి ఉత్తరం రాశాడు. పాలసీ నా పేరుకి మార్చండి. క్లెయిము చెయ్యనందుకు ప్రీమియంలో తగ్గించే బోనసు కూడా నాకే మార్చండి. అంతటితో ఊరుకోక, "అది సంపాదించింది నేనే" అని చివర ఓ ముక్క తగిలించాడు.

కౌంటర్లో అమ్మాయి ఉత్తరం రెండుసార్లు చదివింది.

"పాలసీ మారుస్తాం బాబాయ్. బోనసు మాత్రం బండితో రాదు. అది పాలసీ ఎవరి పేరున ఉంటే వాళ్ళది. డాక్టరుగారు సర్టిఫికెట్ తీసుకుని కొత్త కారుకి వాడేసుకున్నారు కూడా. ఈ పాలసీ గడువు తీరేదాకా ఆ తగ్గింపు తేడా మీరు కట్టాలి."

"స్టీరింగు పట్టింది నేను కదమ్మా!"

"నిజమే బాబాయ్. కానీ పాలసీలో మీ పేరు లేదుగా. ఇకమీదట క్లెయిము లేకుండా నడిపితే, రెన్యువల్ నుంచి మీ పేరున మొదలవుతుంది."

"మొదలా? ఈ వయసులో మళ్ళీ ఒకటో తరగతా!"

ఆ అమ్మాయికి నవ్వొచ్చింది గానీ, ఆయన మొహం చూసి ఆపుకుంది. ఆయన తేడా కట్టి ఇంటికొచ్చాడు. సంగతి విని భార్య, "సొమ్మొకడిది, సోకొకడిది!" అని మండిపడింది. ఆయన అన్నం సగంలో వదిలేశాడు. పాపం, డబ్బు గురించి కాదు. అన్నేళ్ళ జాగ్రత్తలో తన పేరు ఎక్కడా లేదని.

నెల తిరక్కుండా డాక్టరుగారు ఫోన్ చేశారు. అబ్బాయి కొత్త కారుని గేటు స్తంభానికి గుద్దాడట, తలుపు సొట్టపోయిందట.

"రేపు క్లెయిము పెడదామనుకుంటున్నానయ్యా. కాగితాలేం కావాలో నీకు తెలుసుగా?"

భార్య పక్కనే ఉండి, పెట్టుకోనివ్వండి, తిక్క కుదురుతుంది అని సైగ చేసింది.

"వద్దు సార్," అన్నాడు నత్త. "ఆ చిన్న సొట్టకి క్లెయిము పెడితే బోనసంతా ఎగిరిపోతుంది. నాకు తెలిసిన డెంటింగ్ మేస్త్రీ ఉన్నాడు, నేనొచ్చి తీసుకెళ్తా."

ఫోన్ పెట్టేసి చెప్పులేసుకున్నాడు.

"మీకేమైనా పిచ్చా? వాళ్ళ బోనసు పోతే మీకేంటి?" అంది భార్య.

"వాళ్ళదేంటే? అది నాది," అని విసుక్కుంటూ బయల్దేరాడు.