వాపస్ పడ్డ ముప్ఫై నాలుగు వేలు

మా మేనమామ ఇంట్లో నేను దొంగనైంది ఒక ఆదివారం పొద్దున. ఆ బిరుదు నాకు ఇప్పించింది ఒక కాగితం, దాన్ని చదివింది మా బావ. కాగితంలో తప్పేమీ లేదు. బావ గురించి అంత ధైర్యంగా చెప్పలేను.

ముందు ఫ్రిజ్ సంగతి. మామది దేవరకొండ అవతల చిన్న ఊరు. గొర్లు, మేకలు ఉన్నాయి. ఎండాకాలం వస్తోందని మా అత్త ఇంటి ముందు గదిలో సోడాలు, పెరుగు ప్యాకెట్లు పెట్టి దుకాణం మొదలుపెట్టింది. ఫ్రిజ్ లేకపోతే ఆ పెరుగు మధ్యాహ్నానికే ఇంకో సరుకుగా మారుతుంది. మామకు డబ్బు లేక కాదు. ఆయన డబ్బంతా నాలుగు కాళ్ల మీద తిరుగుతూ గడ్డి మేస్తూ ఉంటుంది, అమ్మితేగాని జేబులోకి రాదు. అప్పుడు అందరికీ నేను గుర్తొచ్చాను. నల్గొండలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో పని చేస్తాను. జీతం గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు గాని, ఆ జీతం ఖాతాతో పాటు బ్యాంకు వాళ్లు అంటగట్టిన క్రెడిట్ కార్డు ఒకటి ఉంది. ఊళ్లో ఒక్కటే ట్రాక్టరు ఉంటే దాని ఓనరు ఎంత ప్రశాంతంగా బతుకుతాడో, చుట్టాల్లో కార్డు ఉన్న ఒక్కడూ అంతే ప్రశాంతంగా బతుకుతాడు.

దేవరకొండలో దుకాణం గోడకు మనిషంత అక్షరాలతో బోర్డు ఉంది: వడ్డీ లేని కిస్తులు. ఆ అక్షరాల కింద చీమలు బారులు తీరినట్టు ఇంకేదో రాసి ఉంది. చీమలను ఎవరు చదువుతారు? సేల్స్ కుర్రాడు క్యాలిక్యులేటర్ కూడా ముట్టుకోకుండా చెప్పాడు. "ముప్ఫై ఆరు వేలు అన్నా. ఆరు నెల్లు. నెలకు ఆరు వేలు. అయిపాయె."

నేను మామ వైపు తిరిగి, బ్యాంకు నాదే అన్నట్టు, "ఒక్క రూపాయి ఎక్కువ పడది మామా. నాది జిమ్మేదారి" అన్నాను. ఆ పూచీ ఎవరూ అడగలేదు. నాకు నేనే అన్నాను. బిల్లులో ముప్ఫై ఆరు వేల కింద 1,524 రూపాయలు తగ్గింపు చూపించి, కార్డు మీద 34,476 మాత్రమే గీకారు. అదెందుకు తగ్గిందో ఆలోచించాల్సింది. నేను మాత్రం తగ్గింది నా మొహం చూసే అనుకున్నాను.

నెల తిరిగేసరికి స్టేట్‌మెంట్ వచ్చింది. ఆరు వేలు కట్టమంటుందని చూస్తే, 6,312 రూపాయల 38 పైసలు కట్టమంది. పైసలతో సహా అడిగే వాళ్ల మీద నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. అయినా వరసగా చదివాను. ఫ్రిజ్ కొన్నందుకు 34,476 ఖర్చు. దాని కిందే, కిస్తుల కింద మార్చినందుకు అదే 34,476 జమ. ఆ కింద మొదటి కిస్తు: అసలు 5,569.04, వడ్డీ 430.95. ఆ వడ్డీ మీద నూటికి పద్దెనిమిది చొప్పున జీఎస్టీ 77.57. ప్రాసెసింగ్ ఫీజు 199. ఆ ఫీజు మీద జీఎస్టీ 35.82.

గంట సేపు కాగితం, పెన్ను పెట్టుకుంటే ఆ తెలివి అర్థమైంది. దుకాణం వాళ్లు ఆరు నెలల వడ్డీ మొత్తాన్ని ముందే ధరలో తగ్గించారు. బ్యాంకు ఆ తగ్గిన ధరకు వడ్డీ కలుపుకుంటూ పోయి మళ్లీ ముప్ఫై ఆరు వేలే చేస్తుంది. అంటే వడ్డీ ఉంది, కానీ అది మామ జేబులోంచి కాదు. బోర్డు అబద్ధం చెప్పలేదు. అయితే వడ్డీ మీద పన్నును ఎవరూ తగ్గించలేదు. ఫీజునూ ఎవరూ తగ్గించలేదు. వాటి సంగతి చీమలకు తెలుసు. నెలనెలా అసలు తరుగుతుంది కాబట్టి వడ్డీ, పన్ను కూడా తరుగుతాయి. ఆరు నెలలకు కలిపి పైన పడేది 509 రూపాయలు.

మామకు ఫోన్ చేసి 6,312 పంపమన్నాను. మూడు వందలు ఎందుకు పెరిగాయని ఆయన అడిగాడు. ట్యాక్సులు అన్నాను. "బ్యాంకు కాయిదం పంపు అల్లుడా" అన్నాడు. మామకు చదువు రాదు. అందుకని ఫైలును బావ ఫోనుకు పంపి, తెరవడానికి పాస్‌వర్డు కూడా చెప్పాను. దుకాణంలో మాట ఇచ్చాక, నా చేతులారా నేను చేసిన రెండో పొరపాటు అది.

బావ మామకు పెద్ద కొడుకు. గొర్ల సంతలో మధ్యవర్తి, అంటే అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి ఇద్దరి దగ్గరా కమీషన్ తీసుకునే పని. చొక్కా జేబులో పొడుగు నోటుబుక్కు ఉంటుంది. బేరం కుదిరితే బయానా, అంటే ముందుగా ఇచ్చిన అడ్వాన్సు, రాస్తాడు. బేరం చెడితే ఆ లైను పక్కనే అదే మొత్తం వాపస్ రాసి, అడ్డంగా గీత కొడతాడు. ఆయన ప్రపంచంలో ఇచ్చిన మొత్తమే తిరిగి జమ పడిందంటే ఒకటే అర్థం: బేరం రద్దు, ఎవరి పైసలు వాళ్లకు.

ఆ ఆదివారం అమ్మను తీసుకుని వెళ్లేసరికి బావ అరుగు మీద సిద్ధంగా ఉన్నాడు. చేతిలో ప్రింటు తీసిన కాగితం. జమ లైను చుట్టూ ఎర్ర పెన్నుతో మూడు చుట్లు. మేమింకా చెప్పులు విడవలేదు.

"బామ్మర్ది, గీ ముప్ఫై నాలుగు వేలు వాపస్ వచ్చినయా, రాలేదా?"

"అది వాపస్ కాదు బావా..."

"కండ్లకు కనవడ్తాంది. పొయినయి, వచ్చినయి. ఫ్రిజ్ పైసలు బ్యాంకోడు నీకు తిరిగిచ్చిండు. నువ్వేమో మా నాయిన తాన నెలనెలా ఆరు వేలు గుంజాలని చూస్తున్నవ్. చాలదని ఇంకో మూడు వందలు!"

"పైసలు వాపస్ ఇచ్చి ఫ్రిజ్ కూడా మన ఇంట్లనే ఉంచేటంత మంచోడు బ్యాంకోడు ఎక్కడున్నడు బావా? ఉంటే చెప్పు, రెండు ఫ్రిజ్‌లు తెస్త."

"మాటలు చెప్పకు. కాయిదం మాట్లాడుతాంది."

అత్త మంచినీళ్ల చెంబు తెచ్చింది. అమ్మ దాన్ని ముట్టుకోలేదు. తమ్ముడి వైపు చూసి, "తమ్మీ, నా కొడుకు దొంగైతే గీ ఇంట్ల నాకు నీళ్లు వద్దు. కాకుంటే అప్పుడు తాగుత" అంది. అని గోడకు ఆనుకుని నిలబడింది. ఇలాంటి మాటలకు నవ్వడం నాకు అలవాటు. ఆ రోజు నవ్వు రాలేదు. మా అమ్మ అన్నంత పని చేస్తుంది. ఒక పెళ్లిలో భోజనం దగ్గర ఏదో మాట పడిందని తన చిన్నాయన ఇంటికి ఎనిమిదేళ్లుగా పోలేదు. ఆమెకు మిగిలిన పుట్టిల్లు ఈ అరుగే. 34,476 మీద మూడు ఎర్ర చుట్లు చుట్టి, మా బావ ఆ అరుగును గుమ్మంతో సహా పెకిలించబోతున్నాడు. పైగా చదువుకున్నవాడినని ఆయనకు గర్వం కూడా ఉంది.

కాగితం తీసుకుని తిప్పి చూశాను. "మిగిలిన పేజీలేవి?"

"ఏం పేజీలు?"

"మొత్తం మూడున్నయి. ఒకటే తీసినవా?"

బావ కాస్త తడబడ్డాడు. "పేజీకి పది రూపాయలంట. లెక్క మొదటి దాంట్లనే ఉన్నది కదా."

నన్ను దొంగను చేయడానికి ఆయన పెట్టిన పెట్టుబడి పది రూపాయలు. నాకు జరిగిన అవమానం కంటే ఆ ధరే ఎక్కువ బాధ పెట్టింది.

ఫోన్‌లో ఫైలు తెరిచి రెండో పేజీ ఆయన ముందు పెట్టాను. అందులో చిన్న పట్టిక: కిస్తుల అప్పు 34,476, కిస్తులు ఆరు, పడినవి ఒకటి, ఇంకా మిగిలిన అసలు 28,906.96.

"వాపస్ వస్తే గీ ఇరవై ఎనిమిది వేల తొమ్మిది వందలు ఎవడు బాకీ ఉన్నట్టు బావా? మీ సంతల బేరం రద్దయినంక కూడా బాకీ రాస్తరా?"

బావ వేలితో తెరను పైకీ కిందికీ తోశాడు. ఇంకో చోట ఇంకో అంకె ఉంటుందేమోనని. లేదు.

అప్పటిదాకా మామ వాకిట్లో కుంటుతున్న మేకపిల్ల కాలు పట్టుకుని డెక్కలో ముల్లు వెతుకుతున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "అల్లుడా, ఒక్క మాట చెప్పు. ముందుగాల మొత్తం ఒక్కసారే కట్టాలె అని రాసిండు. మనం కిస్తులన్నం. గందుకని ఆడికెళ్లి తీసి, కిస్తుల లెక్కల వేసుకున్నడు. గంతేనా?"

"గంతే మామా."

"గొర్రెను ఈ మందలకెళ్లి తోలి ఆ మందల కలిపిండు." ముల్లు దొరికింది. పీకి అవతల పారేశాడు. "ఈడ లెక్క తగ్గుతది, ఆడ పెరుగుతది. గొర్రె అమ్ముడువోలేదు. ఏమ్రా కొడుకా, గీ మాత్రం సమజ్ కాలేదా నీకు? ఏం మధ్యవర్తివిరా నువ్వు?"

బావ కాగితం మడత పెట్టి నోటుబుక్కులో దాచాడు. అక్షరం ముక్క రాని తండ్రి ఒక్క గొర్రెతో తేల్చిన సంగతికి, ఆయన ఎర్ర పెన్ను సిరా అంతా తగలేశాడు. క్షమాపణ లాంటిదేదో వస్తుందని చూశాను. "అయితే బ్యాంకోడు సీదా రాయాలె గదా" అన్నాడు. అందులో నిజం లేకపోలేదు, కానీ ఆయన నోట వింటే ఒప్పుకోబుద్ధి కాలేదు.

అత్త మళ్లీ చెంబు చాపింది. అమ్మ తీసుకుంది గాని నోటిదాకా ఎత్తలేదు. "మరి గా మూడు వందల లెక్క?" అంది. నా తల్లి నా పక్షాన ఉందనుకుని పొరబడ్డాను. ఆమె లెక్క పక్షాన ఉంది.

ఫీజు గురించి, వడ్డీ మీద పన్ను గురించి చెప్పాను. వచ్చే నెల ఫీజు ఉండదు, పన్ను అరవై ఐదు రూపాయలే పడుతుంది, నెలనెలా ఇంకా తగ్గుతుంది, మొత్తం 509 అని కూడా చెప్పాను. పైసలు వదిలేశాను.

మామ చేతులు తువ్వాలుకు తుడుచుకుని నా ముందు కూర్చున్నాడు. "దుకాణంల ఏమన్నవ్?"

"బోర్డు మీద..."

"బోర్డును అడుగుతలేను. నిన్ను అడుగుతున్న."

"ఒక్క రూపాయి ఎక్కువ పడదన్న."

"ఇంకేమన్నవ్?"

"నాది జిమ్మేదారి అన్న."

"గట్లయితే నెలకు ఆరు వేలు నావి. పైనయి నీవి. నువ్వు దొంగవు కాదు అల్లుడా. చదువకుంట జమానత్ ఉండెటోనివి, పూచీ పడెటోనివి." ఆరు వేలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. అన్నీ ఐదు వందల నోట్లే, మేకల వాసనతో.

అప్పుడు అమ్మ చెంబు ఎత్తి గటగటా తాగింది. తాగి, "ఎనకటి సంది వీడు గంతే" అని అత్తతో నా చిన్నప్పటి కథలు మొదలుపెట్టింది. బావ ఆసక్తిగా దగ్గరికి జరిగాడు. నేను నోట్లు జేబులో పెట్టుకుని, ఫోన్‌లో నా ఖాతాలోంచి మామ ఆరు వేలకు నావి 312 రూపాయల 38 పైసలు కలిపి బ్యాంకుకు కట్టేశాను.