రాజమ్మ స్విచ్చు

కోడళ్ళ మీద కుళ్ళుకునే అత్తలు బోలెడుమంది. గోడకున్న ప్లగ్గు మీద కుళ్ళుకున్నది మాత్రం లింబాయత్ బస్తీ మొత్తానికి రాజమ్మ ఒక్కతే.

స్మార్ట్ మీటరు వచ్చాక ఆ ఇంట్లో మధ్యాహ్నం పూట, పదకొండు నుంచి మూడు దాకా, వాడే కరెంటు చౌకైంది. కొడుకు పరుశురాం బట్ట నేసే లూమ్‌కి, కోడలు వినోద చీరలకు రాళ్ళంటించే కార్ఖానాకి పొద్దున్నే వెళ్ళిపోతారు. అందుకని ఆ గంటల్లో గీజరు వేయడం, కోడలు బట్టలు నింపిపెట్టిన వాషింగ్ మిషను వేయడం రాజమ్మ పనయ్యాయి. గీజరు పెద్దది, మధ్యాహ్నం కాగిన నీళ్ళు సాయంత్రానికీ వేడిగానే ఉండేవి. లూమ్ నూనె మరకలతో వచ్చిన కొడుకు స్నానం చేసి, "నీళ్ళు మంచిగున్నయే అమ్మా" అనేవాడు. ఆ మాటకు ఆవిడ కడుపు నిండిపోయేది. పక్కింటివాళ్ళు భజనకు రమ్మంటే, "నేనొస్తే స్విచ్చెవలేస్తరు?" అని గొప్పలు పోయేది.

అలాంటిది వినోద రెండు స్మార్ట్ ప్లగ్గులు తెచ్చి, అవి వాటంతటవే ఆన్ అయ్యేలా ఫోన్లో టైము పెట్టేసింది. గీజరుకి ఎక్కువ కరెంటు తట్టుకునే పెద్ద ప్లగ్గు. మిషను నాబ్ తిప్పే పాత రకం కాబట్టి, పొద్దున తిప్పి ఉంచితే కరెంటు అందగానే తనంతట తనే మొదలయ్యేది.

"ఇగ నీకు ఫికర్ లేదమ్మా. గదే సూస్కుంటది," అన్నాడు పరుశురాం.

రాజమ్మ ఒళ్ళు మండింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం ప్లగ్గు టిక్కుమని, ఎర్రదీపం వెలిగితే, తనను చూసి నవ్వినట్టే ఉండేది. కొడుకు నీళ్ళు బాగున్నాయని ఇప్పుడు వినోదతో అంటున్నాడు.

వారం కాకముందే, టైముకు కాస్త ముందు గీజరు గోడ స్విచ్చు ఆర్పేసింది. మూడు దాటాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ వేసింది. అప్పటికి ప్లగ్గు టైము పోయింది.

సాయంత్రం స్నానాలగదిలోంచి కేక. "వినోదా! సల్లటి నీళ్ళేందే? ఏం డబ్బా తెచ్చినవ్?"

రాజమ్మ లోపల పండగ చేసుకుంది. వినోద ఫోను తీసి చూసింది. పదకొండుకు ముందు నుంచి మూడు దాటేదాకా గీజరు ప్లగ్గుకు కరెంటే అందలేదని అందులో ఉంది. బట్టల మిషను మాత్రం టైముకే తిరిగింది. కాబట్టి కరెంటు పోలేదు. ఇంట్లో ఉన్నది ఒక్క మనిషే.

వినోద అత్త వైపు చూసింది. రాజమ్మ చీర చెంగు నలుపుకుంటూ కూర్చుంది. ఇక కొడుక్కి తెలిసిపోతుంది.

"ప్లగ్గు ఖరాబైనట్టున్నదయ్యా, వాపస్ ఇస్త," అంది వినోద గట్టిగా. "రేపటి సంది అత్తమ్మే ఏస్తది. అత్తమ్మ చెయ్యే నయం."

పరుశురాం తల తుడుచుకుంటూ వచ్చి నవ్వాడు. "నా పెండ్లాం మనసు సూడు అమ్మా, ఎంత మంచిదో!"

స్విచ్చు తిరిగొచ్చింది. కానీ కొడుకు మెచ్చుకోలు ఈసారీ కోడలికే పోయింది. రాజమ్మకు ఆ ప్లగ్గు ఉన్నప్పుడే నయమనిపించింది. దాన్నైతే ఆర్పడానికి గోడ మీద స్విచ్చుండేది.