కిందికి జారిన గీత, పైకి లేచిన యెన్

ముంబైలో ఒక బ్యాంకులో, విదేశీ కరెన్సీలు కొని అమ్మే డీలింగ్ రూములో నేను పనిచేశానని మా యూనివర్సిటీ ఆర్థికశాస్త్ర విభాగంలో అందరూ నమ్మేవారు. నమ్మించింది నేనే. నిజానికి శిక్షణ పేరుతో అక్కడ రెండు రోజులు కూర్చుని, ఎనిమిది చాయ్‌లు తాగి వచ్చాను. ఏటా ఆ రెండు రోజులకు కాస్త సర్వీసు కలుపుతూ పోతే ఇప్పటికవి నాలుగేళ్లయ్యాయి.

ఆ గొప్ప విని కాబోలు, లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చే ఒకమ్మాయి పీహెచ్‌డీకి నా దగ్గర చేరింది. జపాన్‌లో దాదాపు వడ్డీ లేకుండా యెన్‌లు అప్పు తీసుకోవడం, వాటిని అమ్మి మెక్సికో పెసోలు కొనడం, అక్కడి పెద్ద వడ్డీ తినడం. క్యారీ ట్రేడ్ అంటారు దీన్ని, ఆమె పరిశోధన దీనిమీదే. ఇందులో భయం తక్కువ, రాబడి నిలకడ అని ఆమె చివరి అధ్యాయం తేల్చింది. అలా తేల్చమన్నదీ నేనే.

థీసిస్ ఇచ్చే ముందు జరిగే సెమినార్ రోజు పొద్దున, తార్నాకలో చాయ్ తాగుతుంటే ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. తెర మీది యెన్, పెసోల చార్టులో నెలల తరబడి మెట్లెక్కుతూ పోయిన గీత నాలుగు రోజుల్లో బావిలో పడ్డట్టు కిందికొచ్చింది.

"చూశావా, యెన్ కుప్పకూలింది! అప్పు తీసుకున్నవాళ్లకు పండగే" అన్నాను. డీలింగ్ రూము అనుభవం మరి.

"సార్, ఒక పెసోకు ఎన్ని యెన్‌లొస్తయని ఈ చార్టు. గీత కిందికొస్తే యెన్ లేచినట్టు."

నేను తల వంచి చార్టు కింద రాసింది చదివాను. నిజమే.

"జపాన్‌ల వడ్డీ పెంచిన్రు. యెన్ లేచింది. అదే అప్పు తీర్చనీకి ఇప్పుడు ఎక్కువ పెసోలు అమ్మాలె. అందరు ఒక్కసారే పెసోలమ్మి యెన్‌లు కొంటున్నరు. కొన్నకొద్దీ అది ఇంకా లేస్తది. ఏడాది వడ్డీ నాలుగు రోజుల్ల పాయె సార్. నా చాప్టర్ గూడ పాయె."

"కంగారెందుకమ్మా? థీసిస్‌లో చార్టు పోయిన నెలతో ఆపెయ్. ఎవరు చూస్తారు?"

"బయటి నుంచి వచ్చే ఎక్స్‌పర్ట్ చూస్తడు. పొద్దున్నే పేపర్ చదివే వస్తడు గద. సెమినార్ పోతే మళ్ల ఆర్నెల్లు. నా ఫెలోషిప్ వచ్చే నెలతోటి ఖతం సార్."

నేను రెండో చాయ్ చెప్పేలోపే ఆ నాలుగు రోజులూ థీసిస్ చార్టులోకి ఎక్కించేసింది.

సెమినార్‌లో ఆమె నిలబడి, "నా ముగింపు తప్పు. ఈ రాబడి అందరూ ఒకే తలుపు వైపు పరుగెత్తేదాకే నిలకడ" అంది. ఎక్స్‌పర్ట్ కళ్లజోడు తీసి, "ఈ చివరి నాలుగు రోజులు కలపమన్నది ఎవరు?" అని అడిగాడు.

తలలన్నీ నా వైపు తిరిగాయి. చక్కటి కథొకటి నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. అమ్మాయి మాత్రం నన్ను చూడలేదు, తన గీతనే చూస్తోంది.

"ఆమే కలిపింది. వద్దన్నది నేను. యెన్ పడిపోయిందని సంబరపడ్డదీ నేనే."

"ఇన్నేళ్లకు మీ నోట నమ్మదగ్గ మాట విన్నాం" అన్నారు విభాగాధిపతి. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

ముగింపు తిరగరాసి పదిహేను రోజుల్లో ఇవ్వమన్నారు. మళ్లీ సెమినార్ అక్కర్లేదట.

వరండాలోకి రాగానే నేను గొంతు సవరించుకుని, "ఆ ముగింపు ఎలా రాయాలంటే..." అని మొదలుపెట్టాను.

"అది నేనే రాస్కుంట సార్. మీరు సంతకం పెట్టుండ్రి, చాలు."