ఏకగ్రీవం కాని తీర్మానం

రాజమండ్రిలో మా అపార్ట్‌మెంట్ సంఘానికి నేను కార్యదర్శిని. పత్రికలో పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి మినిట్స్ బాగా రాస్తానని ఆ పుస్తకం నా చేతిలో పెట్టారు.

ఆ నెల కార్యవర్గ సమావేశంలో, చేపలమ్మే ఆవిడను ఇక గేటు లోపలికి రానివ్వకూడదని తీర్మానం పెట్టారు. లిఫ్టులో నీచు వాసన వస్తోందట. ఐదుగురిలో నలుగురం చేతులెత్తాం. కోశాధికారి ఎత్తలేదు. ఆవిడ ఒకప్పటి లెక్కల టీచరు, ఇంట్లో గుడ్డు కూడా వండరు.

"నాకిది ఇష్టం లేదండి. పదేళ్లుగా వస్తున్న మనిషి. మెట్ల మీద రమ్మంటే సరిపోతుంది కదా," అన్నారు.

ఈలోపు అధ్యక్షుడిగారి ఇంట్లోంచి వేడి పుణుకులు వచ్చాయి. మాట అక్కడితో ఆగింది.

మర్నాడు మినిట్స్ రాసి, కింద "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని ముగించాను. ప్రతి తీర్మానం కిందా అదే రాయడం అలవాటైపోయింది. ఆ పేజీ ఫొటో సభ్యులందరికీ పంపాను.

సాయంత్రం కోశాధికారి రూళ్ల కాగితం మీద రాసిన ఉత్తరం తెచ్చారు. తీర్మానానికి తాను కట్టుబడతానని, కానీ తన అసమ్మతిని కారణంతో సహా మినిట్స్‌లో నమోదు చేయమని కోరారు.

"ఒక్క ఫోను చేస్తే సరిపోయేది కదా మేడమ్," అన్నాను.

"ఫోనులో మాట ఫైల్లో ఉండదు కదండీ. రేపు గేటు దగ్గర ఆవిడ, మీరూ ఒప్పుకున్నారా అమ్మా అంటే నేనేం చెప్పను?"

తర్వాతి సమావేశంలో పాత మినిట్స్ ఖరారు చేసేముందు ఆ ఉత్తరం చదివాను.

"చేపలు తినని మీకెందుకండీ ఈ గొడవ?" అన్నారు అధ్యక్షుడు. "పులస కోసం పడిచచ్చే మేమే ఊరుకున్నాం."

"మీరు ఊరుకున్నారనేనండీ నేను రాయాల్సొచ్చింది."

ఆయనే ముందు నవ్వారు. "ఏకగ్రీవంగా" అన్న మాటను ఒక్క గీతతో కొట్టేసి, నలుగురు అనుకూలమని, కోశాధికారి అసమ్మతి తెలిపారని, ఆవిడ చెప్పిన కారణాన్నీ రాశాను. పక్కన అధ్యక్షుడూ నేనూ పొట్టి సంతకాలు పెట్టాం. తీర్మానం మాత్రం మారలేదు.

ఆదివారం గేటు బయట, గోడనీడలో గంప దించుకుని కూర్చుంది చేపలావిడ. కోశాధికారి పక్కనే నిలబడి ఉన్నారు.

"పుస్తకంలో నా మాటొచ్చిందంట కదండీ. ఏమని రాశారండి?" అని ఆవిడ నన్నడిగింది.

"పదేళ్లుగా వస్తున్న మనిషి, మెట్ల మీద రానివ్వాలి అని."

చేపలావిడ కత్తిపీట దగ్గరికి లాక్కుంటూ, "మరి తమరు చెయ్యెత్తారా అండి?" అంది.

"ఎత్తానమ్మా."

"పోన్లెండి. కిలో కొట్టమంటారా?"

కోశాధికారి నావైపు చూడకుండా గంపలోకి చూస్తూ నిలబడ్డారు. బొచ్చె ముక్కలు సంచిలో వేసి, పైన మరో ముక్క వేసింది ఆవిడ. ఆ సంచితో లిఫ్టు ఎక్కబుద్ధి కాలేదు. మూడంతస్తులూ మెట్ల మీదే వెళ్లాను.