పెద్దమ్మ పంపినవాళ్లు

తప్పు చేసినా తలెగరేసే మనిషి మా వదిన. అలాంటి మనిషి తల దించుకోవడం మొన్ననే చూశాను.

మోకాళ్లూ నడుమూ పట్టేసినవాళ్లకు వ్యాయామాలు చేయించే క్లినిక్‌లో ఉద్యోగం మాది. కౌంటర్ దగ్గర నేను, ప్రచారం పనికి కొత్తగా చేరిన వదిన. చిలక బొమ్మతో పోస్టర్ చేసి వాట్సాప్‌లో వదిలింది. కౌంటర్ దగ్గర ‘చిలక’ అంటే ఫీజులో తగ్గింపు. ఆ మాట అన్నవాళ్లందరికీ కంప్యూటర్లో ‘పోస్టర్’ అని నొక్కమంది. నొక్కాను, నా ఖర్మ!

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. క్లినిక్ తరఫున ఆపరేషనైనవాళ్ల ఇళ్లకు వెళ్లి నడిపించే ఆవిడను అందరం అలాగే పిలుస్తాం. ఒకరిని నడిపిస్తూనే పక్కింటివాళ్ల నడుంనొప్పి కూడా కనుక్కుని వస్తుంది.

రిపోర్టు చూసి డాక్టరుగారు తేల్చేశారు. “కొత్తవాళ్లంతా పోస్టర్ చూసే వస్తున్నారు. పెద్దమ్మ వల్ల ఒక్కరూ రాలేదు. ఇక ఇళ్లకు పంపడం మానేద్దాం.”

“పాపం వదినా, ఆవిడ పని పోతుందే,” అన్నాను.

“నేనేం చేయను? లెక్క అలా ఉంది మరి,” అంది. గొంతులో గర్వం దాగలేదు. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు కర్ర పోటేసుకుంటూ ఒక తాతగారు వచ్చి “చిలక” అన్నారు.

“పోస్టర్ ఎక్కడ చూశారు తాతగారూ?” ఊరికే అడిగాను.

“పోస్టరేంటమ్మా? ఎదురింటావిడను నడిపించే పెద్దమ్మ రమ్మంది. ఇక్కడ ‘చిలక’ అనమని కూడా చెప్పింది.”

పక్కనే ఉన్న వదిన మొహం మాడిపోయింది. ఫోను తీసి ఈమధ్య చేరినవాళ్లకు వరసగా చేసింది. “మా గురించి మొదట ఎవరు చెప్పారండీ?” అదొక్కటే ప్రశ్న. చాలామంది పెద్దమ్మే అన్నారు. కొందరికి పెద్దమ్మ చెప్పాక, తగ్గింపు కోసం పిల్లలు పోస్టర్ ఫార్వర్డ్ చేశారట.

వదిన తిన్నగా డాక్టరుగారి గదిలోకి వెళ్లింది. “నా లెక్క తప్పు సార్. ‘చిలక’ అన్నవాళ్లు తగ్గింపు అడిగారంతే. వాళ్లను ఎవరు పంపారో అందులో తెలియదు. ఇకనుంచి ముందు ‘ఎవరు చెప్పారు’ అని అడిగి, తర్వాతే ఆ మాట రాసుకుంటాం. పెద్దమ్మను తీసేయకండి.” ఆయన సరేనన్నారు.

పెద్దమ్మ లోపలి గదిలో తువ్వాళ్లు మడతపెడుతోంది. జరిగిందీ, పని పోలేదనీ చెప్పి వదిన బేలగా అడిగింది, “నువ్వు పంపినవాళ్లతో చిలక అనిపించడం ఎందుకు పెద్దమ్మా?”

“కొత్తగా చేరావు కదే. నీ బొమ్మ చూసి ఎవరూ రాకపోతే డాక్టరు నిన్ను మానిపించేస్తాడేమోనని భయమేసింది. నాకేం, పాతదాన్ని, నన్నెవరు తీసేస్తార్లే అనుకున్నా.”

వదిన సిగ్గుతో చచ్చిపోయింది. తల దించుకుని, ఆవిడ చేతిలోని తువ్వాలు తీసుకుని మడతపెట్టబోయింది, మడత కుదరలేదు.