బయోడేటాలో లేని షటరింగ్

కల్వకుర్తిలో జిరాక్స్ దుకాణం నడిపిన రోజుల్లో, గల్ఫ్‌కు పోయేవాళ్ల బయోడేటాలు నేనే టైప్ చేసేవాణ్ని. ఒకసారి ఒకతను కంపెనీ పంపిన జాబితా తెచ్చాడు. ఎలక్ట్రీషియన్ కావాలి, ఐటీఐ సర్టిఫికెట్, మూడేళ్ల సైట్ అనుభవం ఉండాలి, ట్రేడ్ టెస్ట్ పాసవ్వాలి. అతనికి ఎలక్ట్రీషియన్ ఐటీఐ ఉంది. అనుభవం మాత్రం ఆరేళ్లూ మేస్త్రీ వెంట షటరింగ్ పనే, అంటే కాంక్రీటు పోయడానికి చెక్కల పెట్టెలు బిగించడం.

ఏం రాయాలో నాకు తోచలేదు. చివరికి షటరింగ్ మాట తీసేసి 'ఆరేళ్ల సైట్ అనుభవం' అని మాత్రం ఉంచాను. అబద్ధం లేదు, జాబితాకూ సరిపోయింది. అతను చదవకుండానే సంతకం పెట్టి పోయాడు. మరి నాకెందుకో ఆ రోజంతా చిరాకే.

టెస్ట్ రోజు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. వైరింగ్ బోర్డు ముందు చెయ్యి ఆడక ఫెయిలయ్యాడట. బయటికొస్తుంటే, పక్క షెడ్డులో షటరింగ్ టెస్టుకు ఎవరో నిలబెట్టిన పిల్లర్ పెట్టె వంకరగా కనిపించిందట. ఆగలేక గుండుదారం వేసి సరిచేశాడట.

"ఇంకేంది, తీసుకుంటరా?" అన్నాను.

"గా షెడ్డుల టెస్ట్ తీసుకునే సార్‌కు నా పని నచ్చింది అన్నా. షటరింగ్ చేసినట్టు బయోడేటాల సూపియ్యమంటున్నడు. సార్ గీడనే ఉన్నడు. నువ్వే రాసినవ్ గదా, ఏ లైన్ల ఉందో జర చెప్పు."